మొదటి మెసేజే తిట్టు, అడిగేది మాత్రం ఏమీ లేదు. జవాబేం రాయాలి?

రాత్రిషిఫ్ట్
చాట్ సపోర్ట్‌లో చేరి ఆరు నెలలైంది. కోపంగా వచ్చేవాళ్లు నాకు కొత్త కాదు. "రెండు రోజుల నుంచి లాగిన్ అవ్వట్లేదు, మీరంతా నిద్రపోతున్నారా" అని ఎవరైనా అంటే నాకేం బాధ లేదు. అందులో నేను చేయాల్సిన పని ఉంది, చేసేస్తాను. నా బాధ వేరే రకంతో. విండో తెరుచుకోగానే తిట్టు వస్తుంది, తిట్టు తర్వాత ఏమీ ఉండదు. పేరు లేదు, ఖాతా నంబర్ లేదు, ఏం కావాలో లేదు.

మొన్న రాత్రి జరిగింది ఉన్నదున్నట్టు పెడుతున్నాను.

11:42 అతను: మీరంతా దొంగలు. నువ్వు కూడా. సిగ్గులేని జన్మ.
11:42 నేను: మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. దయచేసి గౌరవంగా మాట్లాడండి. మీ సమస్య ఏమిటి?
11:43 అతను: గౌరవమా? నీకా?
11:43 నేను: నేను మీకు సహాయం చేయడానికే ఉన్నానండి.
11:44 అతను: సహాయం చేసే మొహమేనా అది

ఇలా పద్నాలుగు నిమిషాలు నడిచింది. చివరికి అతనే వెళ్లిపోయాడు, పోతూ పోతూ ఒక్క స్టార్ ఇచ్చాడు. క్వాలిటీ టీమ్ వాళ్లు "సానుభూతి లోపించింది" అని రాశారు. మర్నాడు పగటి షిఫ్ట్‌లో అదే మనిషి మళ్లీ వచ్చాడని టికెట్ చూస్తే తెలిసింది. ఫోన్ నంబర్ మార్చాడట, ఓటీపీ పాత నంబర్‌కి పోతోందట. ఐదు నిమిషాల పని.

ఆ పద్నాలుగు నిమిషాల్లో నేను ఎక్కడ తప్పాను? అసలు తప్పింది నేనేనా?

గోడమీదపిల్లి
దయచేసి ఎవరూ శతక పద్యాలు పెట్టకండి. ముందే చెప్తున్నా.

కుండబద్దలు
తప్పు నీది కాదు తమ్ముడూ. మొదటి మాటే అలా ఉన్నవాడికి జవాబే అనవసరం. చాట్ మూసెయ్యడమే. పని ఉన్నవాడైతే నోరు కడుక్కుని మళ్లీ వస్తాడు, లేనివాడు పోతాడు. పద్నాలుగు నిమిషాలు అతనికి ఇచ్చావు చూడు, నీ తప్పు ఏదైనా ఉంటే అదొక్కటే.

శాంతినివాసం
నేను కౌన్సెలింగ్ కోర్సు చేశాను కాబట్టి చెప్తున్నాను. కోపం ప్రెషర్ కుక్కర్ లాంటిది. ఆవిరి పోనివ్వాలి. ఆయన్ని మొత్తం కక్కనివ్వండి, మధ్యలో ఆపకండి, "అర్థమైంది, మీ బాధ నాకు తెలుసు" అంటూ ఉండండి. కాసేపటికి ఆయనే చల్లబడి అసలు విషయానికి వస్తారు. గీతలు గీయడం, షరతులు పెట్టడం అగ్నికి ఆజ్యం పోయడమే.

గోడమీదపిల్లి
ఆయన కక్కుతూ ఉంటే మనం బకెట్ పట్టుకుని నిలబడాలన్నమాట.

పాతకాపు
పదకొండేళ్లు ఇదే పని చేశాను. ఇప్పుడు కొత్తవాళ్లకు చాట్లు చూసి తప్పొప్పులు చెప్పడం నా ఉద్యోగం. కాబట్టి రాత్రిషిఫ్ట్ రాసిన ఆ ఒక్క జవాబునే ముందు పెట్టుకుందాం. అందులో మూడు వాక్యాలున్నాయి, మూడూ మూడు వేర్వేరు దిక్కులకు లాగుతున్నాయి.

"అసౌకర్యానికి చింతిస్తున్నాం." ఏ అసౌకర్యం? అతను ఇంకా చెప్పనేలేదు. తెలియనిదానికి క్షమాపణ చెబితే అవతలివాడికి వినపడేది ఒక్కటే, "నువ్వు రాసింది నేను చదవలేదు, బటన్ నొక్కాను" అని. పైగా నీ జవాబు కూడా 11:42కే వెళ్లింది. ఆ వేగమే చెబుతోంది అది రెడీమేడ్ అని.

"దయచేసి గౌరవంగా మాట్లాడండి." ఇది హద్దు చెప్పడం కాదు, ఆజ్ఞ. అతను ఏం చేయాలో నువ్వు చెప్పావు. ఎవరు ఎవరికి గౌరవం ఇవ్వాలన్నది ఆ క్షణం నుంచి పందెం అయింది. అందుకే అతని తర్వాతి మాట "గౌరవమా? నీకా?" అని వచ్చింది. ఆ మాట నువ్వే అందించావు.

"మీ సమస్య ఏమిటి?" అడగాల్సింది ఇదే. కానీ మందలింపు పక్కన పెట్టేసరికి అది "నీ సమస్యేంటి?" అన్నట్టు వినిపించింది. రాతలో గొంతు వినపడదు కదా, చదివేవాడు తన కోపంతోనే దాన్ని చదువుకుంటాడు.

నేనైతే రెండే వాక్యాలు రాస్తాను.

"ఈ మాటలకు నేను జవాబు ఇవ్వను. ఏం జరిగిందో ఒక్క ముక్క రాయండి, అక్కడి నుంచి మొదలుపెడతాను."

మొదటి వాక్యంలో చెప్పింది నేను చేసే పని గురించి, అతని గుణం గురించి కాదు. "మీరు అమర్యాదగా ఉన్నారు" అని ఉంటే అతను వాదించడానికి చోటు దొరుకుతుంది. "నేను జవాబు ఇవ్వను" అన్నదాన్ని ఎలా వాదిస్తాడు? ఇవ్వాలా వద్దా అన్నది నా చేతిలో ఉంది. రెండో వాక్యం అతనికి తిరిగి రావడానికి దారి. ఆ దారిలో క్షమాపణ గేటు పెట్టలేదని చూడండి.

కుండబద్దలు
పాతకాపు గారూ, అదే నాకు మింగుడు పడనిది. క్షమాపణ ఎందుకు అడగకూడదు? అన్నమాట అన్నాడు కదా.

పాతకాపు
అడగొచ్చు, హక్కుంది. కానీ అడిగాక ఏం జరుగుతుందో చూడండి. ఇప్పుడతను రెండు పనులు చేయాలి. ఒకటి తల దించడం, రెండోది పని చెప్పడం. మొదటిది చేయలేక రెండోది కూడా మానేస్తాడు. మనకు కావలసింది రెండోది. తిట్టు ఆగడం ముఖ్యం, తిట్టినందుకు బాధపడటం అతని సొంత వ్యవహారం.

అవతలిగట్టు
నేను ఆ గట్టు మీద నుంచి చెప్తాను. ఇలాంటి మెసేజ్ ఒకసారి రాసినవాణ్ణి నేను. గొప్పగా చెప్పుకోవడం లేదు.

నా డబ్బు ఒకచోట ఇరుక్కుపోయింది. ఫోన్‌లో ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని నొక్కీ నొక్కీ, ముగ్గురు మనుషులకు అదే కథ మొదటి నుంచి చెప్పీ చెప్పీ, చివరికి చాట్ తెరిచాను. తెరిచేసరికి నా కథ మళ్లీ మొదటి నుంచి చెప్పాలన్న ఆలోచనే భరించలేకపోయాను. అందుకే పని రాయలేదు, తిట్టు రాశాను. రాసేటప్పుడు అవతల ఒక మనిషి ఉన్నాడని కూడా నాకు తోచలేదు, నిజం చెబుతున్నాను. అక్కడ గోడ ఉందనుకున్నాను.

అవతల ఉన్నావిడ రాసింది నాకు ఇప్పటికీ గుర్తు. "నన్ను అలా అనకండి. డబ్బు విషయమా, ఖాతా విషయమా?" అంతే.

నేను "డబ్బు" అని ఒక్క మాట కొట్టాను. ఒక్క మాటే కాబట్టి కొట్టగలిగాను. "మీ సమస్యను వివరంగా తెలియజేయండి" అని ఉంటే ఇంకో నాలుగు తిట్లు పడేవి, నేను నాలుగోసారి వివరించడానికి సిద్ధంగా లేను. ఆవిడ నేనన్న మాట మళ్లీ ఎత్తలేదు. నేనే చివర్లో సారీ అన్నాను, ఎవరూ అడక్కుండా.

పాతకాపు
అవతలిగట్టు గారు చెప్పిన ఆ "ఇదా, అదా" అన్న ప్రశ్న నేను రాసిన "ఒక్క ముక్క రాయండి" కన్నా మేలు. ఒప్పుకుంటున్నాను. మన దగ్గరకు వచ్చేవాళ్ల పనులు రెండు మూడు రకాలే అయితే అలా అడగడమే మంచిది. జవాబు చిన్నదైనకొద్దీ అతనికి తిరిగి రావడం తేలిక.

ఒక్క తేడా మాత్రం ఉంది. ఆవిడ "అలా అనకండి" అంది, అది కూడా ఆజ్ఞే. అయినా మీ దగ్గర పనిచేసింది. ఎందుకంటే "నన్ను" అన్న మాట ముందుంది. గోడ కాదు మనిషి అని మీకు ఆ మాటతో తెలిసింది. "దయచేసి గౌరవంగా మాట్లాడండి" అన్నదాంట్లో మనిషి ఎక్కడా లేడు, బోర్డు మీద రాసినట్టుంది.

కామా_పురుగు
ఈ పాయింట్ మీద నాకూ ఒక మాట. తెలుగులో ఇది రాసేటప్పుడు మూడు చోట్ల జారతారు.

అతను "నువ్వు" అన్నాడని మనం "నువ్వు"లోకి దిగడం ఒకటి. దిగితే అయిపోయింది, గొడవ సమానుల మధ్య గొడవ అయిపోతుంది. రెండోది దానికి తిరగేసి, ప్రతి మాట చివరా "అండి" తగిలించడం. "చెప్పండండి", "అలాగేనండి". తిట్టినవాడికి అది భయంలా అయినా కనిపిస్తుంది, లేదా వెటకారంలా అయినా. మామూలుగా ఎంత వాడతామో అంతే వాడాలి. మూడోది చుక్కలు. "సరే..." అని మూడు చుక్కలు పెడితే అది మూతి తిప్పడమే. ఫుల్‌స్టాప్ పెట్టి ఊరుకోండి.

గోడమీదపిల్లి
మా మేనేజర్ ప్రతి మెసేజ్‌కి మూడు చుక్కలు పెడతాడు... ఇప్పుడర్థమైంది...

చిన్నక్క
మా తమ్ముడు నాకు ఇలాగే పెట్టాడు. ఏడు నెలలుగా మాటల్లేవు. ఒక రాత్రి హఠాత్తుగా "నువ్వసలు అక్కవేనా" అని ఒక్క మెసేజ్. ఇంకేమీ లేదు. నేను "ఈ మాటలకు జవాబు ఇవ్వను" అని పెట్టనా? పాతకాపు గారు చెప్పినట్టు?

పాతకాపు
అయ్యో, వద్దమ్మా. నేను చెప్పింది ముక్కూమొహం తెలియని మనిషికి, అదీ పని మీద వచ్చేవాడికి. అక్కడ తిట్టు పడేది మన మీద కాదు, మన కుర్చీ మీద. ఇక్కడ మీ తమ్ముడు ఎవరికి రాశాడో అతనికి బాగా తెలుసు.

అవతలిగట్టు
చిన్నక్క గారూ, ఏడు నెలల తర్వాత "నువ్వసలు అక్కవేనా" అని వచ్చిందంటే అందులో అడిగేది లేదని నేను అనుకోను. ఆ ప్రశ్నే అతను అడుగుతున్నది.

చిన్నక్క
అది నాకు తోచలేదు. సరే, ఇక్కడి విషయం దారి తప్పించాను, కానివ్వండి.

కుండబద్దలు
తప్పించలేదు తల్లీ. కానీ ఇంట్లోవాళ్లకైనా ఒక లిమిట్ ఉండాలిగా. "అలా మొదలుపెడితే నేను మాట్లాడలేను, రేపు ఫోన్ చెయ్యి" అనొచ్చు. అందులో హద్దూ ఉంది, రేపూ ఉంది.

చిన్నక్క
ఇది నాకు నచ్చింది. "రేపు ఫోన్ చెయ్యి" బదులు "రేపు నేనే చేస్తాను" అని పెడతాను.

గోడమీదపిల్లి
కుండబద్దలు మెత్తబడిన తేదీ ఎవరైనా రాసి పెట్టుకోండి.

మొగలిరేకు
అందరూ "తిట్టు" అని ఒకే మూటలో కడుతున్నారు, అదే నాకు ఇబ్బంది. "దొంగలు, సిగ్గులేనివాళ్లు" అనడం వేరు. విండోలో ఆడపేరు కనిపించగానే వచ్చే మెసేజ్‌లు వేరు. నాకు నెలకు కనీసం నాలుగైదు అలాంటివి వస్తాయి. వాటికి కూడా "ఏం జరిగిందో ఒక్క ముక్క రాయండి" అని దారి చూపించాలా? నేను చూపించను. చంపుతాననో, ఇంటికొస్తాననో అన్నవాటికీ అంతే. స్క్రీన్‌షాట్, సూపర్‌వైజర్, మూసివేత. తాజాగా మొదలుపెట్టే అవకాశం అందరికీ మనం బాకీ లేం.

పాతకాపు
మొగలిరేకు గారి మాటకు నేను కలిపేది ఏమీ లేదు. బెదిరింపు, ఒంటి గురించిన మాటలు, కులం మతం ఎత్తి తిట్టడం, వీటికి ఈ రెండు వాక్యాల పద్ధతి వర్తించదు. ముందే చెప్పాల్సింది.

అలాగే రెండో అంచు కూడా ఉంది. తిట్టుతో పాటు పని కూడా రాశాడనుకోండి, "వెధవల్లారా, ఓటీపీ రావట్లేదు" అని. అప్పుడు హద్దు గురించి ఒక్క మాట కూడా అనక్కర్లేదు. ఓటీపీ సంగతి చూడండి, అంతే. చేయగలిగే పని కళ్ల ముందే ఉన్నప్పుడు మర్యాద పాఠం మొదలుపెడితే మనమే పని ఆపినట్టు. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. హద్దు చెప్పడం నేర్పగానే ప్రతి "ఛీ"కీ చెప్పడం మొదలుపెడతారు.

రాత్రిషిఫ్ట్
ఇది నేనే. పోయిన వారం ఒకాయన "దరిద్రపు యాప్" అన్నందుకు కూడా "దయచేసి గౌరవంగా" టెంప్లేట్ కొట్టాను. యాప్‌ని అన్నాడు, నన్ను కాదు.

ఒక సందేహం. ఆ రెండు వాక్యాలు రాశాక కూడా మళ్లీ తిడితే? ఆ రాత్రి అతను ఆగేరకం కాదు.

పాతకాపు
రెండోసారి ఇంకా చిన్నది. "చెప్పాను కదా" వద్దు, "మళ్లీ చెబుతున్నాను" వద్దు, అవి రెండూ లెక్క రాసుకుంటున్నట్టు ఉంటాయి. ప్రశ్న భాగాన్ని మాత్రమే మళ్లీ అడగండి. "లాగిన్ విషయమా, చెల్లింపు విషయమా?" అని.

మూడోసారీ అదే అయితే మూయడమే. "ఈ చాట్ ఇప్పుడు మూస్తున్నాను. పని చెప్పాలనుకున్నప్పుడు ఇదే పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టండి, ఎవరో ఒకరం చూస్తాం." ఆ మాట రాశాక నిజంగా మూయాలి. మూస్తానని మూయకుండా ఇంకో పది నిమిషాలు కూర్చుంటే తర్వాత ఏ హద్దు చెప్పినా విలువ ఉండదు. మీ కంపెనీలో మూసే అధికారం మీకు లేకపోతే ఆ వాక్యం రాయనే రాయకండి. చేయలేనిది చెప్పడం కన్నా "సూపర్‌వైజర్‌కి పంపుతున్నాను" అనడం నయం.

ఇక అతను ఏమీ రాయకుండా ఆగిపోతే, అది మంచి గుర్తే చాలాసార్లు. ఖాతా నంబర్ వెతుక్కుంటూ ఉండొచ్చు. రెండు మూడు నిమిషాలు వదిలెయ్యండి. ముప్పై సెకన్లకోసారి "ఉన్నారా?" అని అడిగితే చల్లారేది మళ్లీ రాజుకుంటుంది.

శాంతినివాసం
నా మాటకు ఎవరూ జవాబు చెప్పలేదు. కోపం బయటికి పోనివ్వకుండా "జవాబు ఇవ్వను" అంటే అది లోపలే ఉండి పెరుగుతుంది కదా? ఇది మానసిక శాస్త్రంలో అందరూ ఒప్పుకున్నదే.

కామా_పురుగు
అందరూ ఒప్పుకోలేదు. 2002లో బ్రాడ్ బుష్‌మన్ అనే ఆయన చేసిన ప్రయోగం దీనిమీదే. ముందు అందరికీ కోపం తెప్పించారు. కొందరిని, తమకు కోపం తెప్పించిన మనిషినే తలచుకుంటూ పంచింగ్ బ్యాగ్ గుద్దమన్నారు. కొందరిని ఏమీ చేయకుండా ఊరికే కూర్చోమన్నారు. గుద్దినవాళ్లకే కోపం ఎక్కువ మిగిలింది, దూకుడూ ఎక్కువ కనిపించింది. రెండు నిమిషాలు ఊరికే కూర్చున్నవాళ్లు నయం. మీ కుక్కర్ ఉపమానం వినడానికి బాగుంటుంది కానీ మనిషి కుక్కర్ కాదు. తిడుతున్నంతసేపూ అతను మంట కిందికి కట్టెలు ఎగదోస్తున్నాడు.

శాంతినివాసం
అది బ్యాగ్ గుద్దడం గురించి. నేను చెప్పేది మనిషి వినడం గురించి. తన బాధ ఎవరో విన్నారని తెలిస్తే మనిషి తేలికపడడా?

పాతకాపు
మీరన్నదాంట్లో సగం ఒప్పుకుంటాను. బాధ చెప్పుకుంటుంటే వినాలి, మధ్యలో తుంచకూడదు. "మూడు రోజులుగా తిరుగుతున్నాను, నా డబ్బు ఎవరూ..." అని పది లైన్లు రాస్తే పది లైన్లూ చదవాలి, మధ్యలో ఎక్కడో తిట్టు ఉన్నా సరే. కానీ రాత్రిషిఫ్ట్ పెట్టిన మెసేజ్‌లో బాధ ఎక్కడుంది? దొంగలు, సిగ్గులేని జన్మ. అక్కడ "మీ బాధ నాకు అర్థమైంది" అంటే అబద్ధమే. ఏం అర్థమైంది? అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తున్నాడని అర్థమైంది, అత్త ఎవరో తెలియలేదు. అది తెలుసుకునేదాకా సానుభూతి వాక్యం దాచుకోండి. తెలిశాక వాడితే దానికి బరువుంటుంది.

శాంతినివాసం
నేనైతే అప్పుడు కూడా "ఏదో గట్టిగానే జరిగినట్టుంది" అని ఒక్క వాక్యం రాస్తాను. అందులో అబద్ధం లేదు.

అవతలిగట్టు
అది నాకు రాసి ఉంటే బాగానే ఉండేది.

కుండబద్దలు
నాకు రాసి ఉంటే ఇంకా మండేది. "జరిగినట్టుంది" ఏంటి, జరిగింది!

పాతకాపు
దీని మీద నాకూ గట్టి అభిప్రాయం లేదు. కొందరికి పడుతుంది, కొందరికి పడదు.

రాత్రిషిఫ్ట్
ఐదు రోజుల తర్వాత వచ్చాను. రెండుసార్లు వాడాను, రెండు కథలూ చెప్తాను.

మొదటిది: "జీతం తీసుకుని గడ్డి పీకుతున్నారా" అని వచ్చింది. చేతులు కీబోర్డ్ మీదకి ఉరికాయి. ఈసారి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాను, మెసేజ్ రెండోసారి చదివాను. ఇరవై సెకన్లు పట్టి ఉంటుంది. "ఈ మాటలకు నేను జవాబు ఇవ్వను. లాగిన్ విషయమా, చెల్లింపు విషయమా?" అని పెట్టాను. నిమిషం పాటు ఏమీ లేదు. తర్వాత "చెల్లింపు. రెండుసార్లు కట్ అయింది" అని వచ్చింది. లావాదేవీ నంబర్ అడిగాను, ఇచ్చాడు. రెండోది వెనక్కి పంపే పని మొదలుపెట్టాను. అతను సారీ అనలేదు, థాంక్స్ అనలేదు. "ఓకే" అన్నాడు. లోపల ఏదో కొంచెం తక్కువైనట్టు అనిపించింది, అబద్ధం ఎందుకు. కానీ ఆరు నిమిషాల్లో అయిపోయింది.

రెండోది పనిచేయలేదు. అతనికి పనే లేదు. మూడుసార్లూ తిట్టాడు, మూశాను, పది నిమిషాలకు మళ్లీ తెరిచి మళ్లీ తిట్టాడు. అప్పుడు వేరే వాళ్లకు పడింది ఆ చాట్.

గోడమీదపిల్లి
ఆ వేరేవాళ్లు నేనే అయ్యుంటాను. మా జాతకం అలాంటిది.

పాతకాపు
ఆ మొదటి కథలో నువ్వు చేసిన ఒక మంచి పని నీకు తెలియకుండానే చేశావు. అతను "చెల్లింపు" అనగానే లావాదేవీ నంబర్ అడిగావు. "ఇప్పుడు సరిగ్గా చెప్పారు, థాంక్స్" అనలేదు. చాలామంది అంటారు. బడిపిల్లవాడికి చాక్లెట్ ఇచ్చినట్టు ఉంటుంది అది, ఆరిపోతున్నదాన్ని మళ్లీ కెలుకుతుంది. పని చెప్పిన మెసేజే అతని మొదటి మెసేజ్ అనుకుని జవాబివ్వడమే, తాజాగా మొదలుపెట్టడమంటే నాకు తెలిసింది.

రెండో కథలో ఒకటి అడుగుతాను. మూసేటప్పుడు టికెట్‌లో ఏం రాశావు?

రాత్రిషిఫ్ట్
"కస్టమర్ చాలా రూడ్, జాగ్రత్త" అని.

పాతకాపు
అక్కడ దొరికావు. ఇతనికి నిజంగా పని లేదు కాబట్టి నష్టం పెద్దగా లేదు. కానీ ఆ ఓటీపీ మనిషి టికెట్ మీద ఇదే రాసి ఉంటే? మర్నాడు అతను శుభ్రంగా "నంబర్ మారింది, ఓటీపీ రావట్లేదు" అని రాసినా, పగటి షిఫ్ట్ అమ్మాయి ముందు నీ నోట్ చదువుతుంది. చదివి బిగుసుకుంటుంది. ఆమె మొదటి జవాబే చల్లగా, ముక్తసరిగా వెళుతుంది. అతనికి అది తెలుస్తుంది, మళ్లీ మొదలు. మనం చాట్‌లో తలుపు తీసి ఉంచి టికెట్‌లో గడియ పెట్టినట్టు.

జరిగింది రాయండి, మనిషి గురించి రాయకండి. "మొదటి మూడు మెసేజ్‌లలో దూషణ, పని చెప్పలేదు, 12:10కి మూశాను, పరిష్కరించాల్సింది ఏమిటో ఇంకా తెలియదు." చదివేవాళ్లకు కావలసిందంతా అందులో ఉంది.

మొగలిరేకు
దీనికి నేను ఒప్పుకోను, పూర్తిగా కాదు. నాకు ముందు హెచ్చరిక కావాలి. ఎదురుగా ఎవరొస్తున్నారో తెలియకుండా వెళ్లడం నాకు మర్యాద కాదు, అజాగ్రత్త.

పాతకాపు
మీరు చెప్పిన రకం మెసేజ్‌లకైతే హెచ్చరిక ఉండాల్సిందే, అది కూడా అతను వాడిన మాటలు ఉన్నవి ఉన్నట్టు పెట్టి. "రూడ్" అన్న ఒక్క మాటలో "దరిద్రపు యాప్" అన్నవాడూ ఇతనూ ఒకటైపోతారు. ఆ మాట మీకూ పనికిరాదు.

మొగలిరేకు
అదైతే సరే.

కామా_పురుగు
రాత్రిషిఫ్ట్, మీ టెంప్లేట్ మార్పిస్తారా మరి? ఆ "దయచేసి గౌరవంగా" ఇంకా అలాగే ఉందా?

రాత్రిషిఫ్ట్
టీమ్ లీడ్‌కి పంపాను. "ఇవ్వను" అన్న మాట కస్టమర్‌తో ఎలా అంటాం అన్నారు. "ఇవ్వలేను" అని పెట్టమన్నారు.

కామా_పురుగు
"ఇవ్వలేను" అంటే చేతకాదనా? చేతకాకపోతే ఇంకొంచెం తిట్టి చూద్దాం అనుకుంటాడు.

పాతకాపు
నేనైతే "ఈ మాటలు పక్కన పెడుతున్నాను" అని ఇచ్చి చూస్తాను. హద్దు కొంచెం పల్చబడుతుంది కానీ మీ టీమ్ లీడ్ సంతకం పెట్టొచ్చు. "పక్కన పెడదాం" అని మాత్రం రానివ్వకు, అప్పుడు అతని ఒప్పుదల కూడా కావాల్సి వస్తుంది.

రాత్రిషిఫ్ట్
పంపాను. సోమవారం చెప్తామన్నారు. ఈలోగా ఆ టెంప్లేట్ బటన్ వైపు చూడకుండా చేత్తోనే టైప్ చేస్తున్నాను.

చిన్నక్క
అడక్కపోయినా చెప్తున్నాను, తమ్ముడికి ఫోన్ చేశాను. మొదటి పది నిమిషాలు ఇద్దరం దాని ఊసెత్తలేదు. తర్వాత ఎత్తాం, కొంచెం గొడవ కూడా అయింది. ఆదివారం మళ్లీ చేస్తానన్నాడు.